విడాకుల సంగతి పెండ్లి సంబంధంలో ఎప్పుడు చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి?

విడాకులు పొందిన బిడ్డకు మళ్ళీ సంబంధం చూస్తున్నప్పుడు మన ఇళ్ళలో పెద్దలు ఇచ్చే సలహా దాదాపు ఒకటే. "ముందు చూపులు కానివ్వండి. ఒకరికొకరు నచ్చాక నెమ్మదిగా చెబుదాం." ఇది చెడ్డ మనసుతో అనే మాట కాదు. బయోడేటాలో ఆ ఒక్క మాట కనబడగానే చాలామంది కాగితం పక్కన పెట్టేస్తారని వారికి తెలుసు. మనిషిని చూసి, మాట్లాడి, ఆ తరువాత తెలిస్తే దాని బరువు తగ్గుతుందని వారి ఆశ. అయితే మేము కాపరులుగా చూసినంతలో ఈ సలహా వల్ల నిలిచిన సంబంధాల కంటే తెగిపోయినవే ఎక్కువ. తెగినప్పుడు అవతలివారు చెప్పే కారణం కూడా చాలాసార్లు విడాకులు కాదు. "ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నదే.

దీనికి పూర్తిగా ఎదురుగా ఇంకో రకం ఉంది. దాచడం తప్పని తెలిసినవారు, మొదటి పరిచయంలోనే కన్నీళ్ళతో మొత్తం కథ చెప్పేస్తారు. అత్తగారు అన్న మాటలు, భర్త తాగి వచ్చిన రాత్రులు, కోర్టులో లాయరు వేసిన ప్రశ్నలు ఒక్కటీ మిగల్చకుండా చెబుతారు. చివర్లో "నా మీద ఈ మచ్చ ఉంది, మీరు పెద్ద మనసుతో అర్థం చేసుకోవాలి" అని ముగిస్తారు. ఇందులో నిజాయితీ ఉంది. కానీ వినేవారికి ఏం చేయాలో తోచదు.

ఇది ఎందుకు జరుగుతుందో మాకు తోచినది చెబుతాము. గతాన్ని గురించి మాట్లాడడానికి సంఘంలో మనం నేర్చుకున్న పద్ధతులు రెండే. ఒకటి ఒప్పుకోలు, రెండోది సాక్ష్యం. ఒప్పుకోలులో తల వంచి క్షమాపణ అడుగుతాము. సాక్ష్యంలో ఎంత లోతు గోతిలో పడ్డామో చెబితేనే దేవుడు లేవనెత్తిన సంగతి తేటపడుతుంది కనుక వివరాలు ఎక్కువగా చెబుతాము. సంబంధం చూడవచ్చినవారి ఎదుట కూర్చున్నప్పుడు తెలియకుండానే ఈ రెండింటిలో ఏదో ఒకటి నోటికి వస్తుంది. రెండూ అక్కడ సరిపడవు. ఎదుట ఉన్నవారు మనల్ని క్షమించడానికి రాలేదు, ఎందుకంటే వారిపట్ల మనం చేసిన తప్పేమీ లేదు. సాక్ష్యం విని ఆమేన్ అనడానికీ రాలేదు. తమ జీవితాన్ని మన జీవితంతో కలుపుకోవాలా వద్దా అని తేల్చుకోవడానికి వచ్చారు. ఆ నిర్ణయానికి కావలసిన సమాచారం అందవలసిన సమయంలో అందడం వారి హక్కు. అంతకు మించినది వారి హక్కు కాదు, మన బాధ్యతా కాదు.

మత్తయి సువార్త 19వ అధ్యాయాన్ని, విడాకులను, పునర్వివాహాన్ని సంఘాలన్నీ ఒకే విధంగా అర్థం చేసుకోవు. ఆ చర్చను ఇక్కడికి తేము. చట్టప్రకారం విడాకులు అయిపోయి, మళ్ళీ పెండ్లి చేసుకోవాలని నిశ్చయించుకున్నవారి గురించే ఈ వ్యాసం.

చెప్పడానికి ముందు, చెప్పబోయేది నిజమో కాదో తెలుసుకోవాలి. "విడాకులయ్యాయి" అని మా దగ్గరికి వచ్చేవారిలో కొందరికి నిజానికి విడాకులు కాలేదు. పెద్దమనుషులు కూర్చుని స్టాంపు పేపరు మీద రాయించిన ఒప్పందం ఒక్కటే ఉంటుంది. నోటరీ ముద్ర ఉన్నా అది విడాకులు కాదు. సంఘ కమిటీ ఇచ్చిన ఉత్తరమూ కాదు. కతోలిక సహోదరుల విషయంలో మేత్రాసన న్యాయస్థానం వివాహం చెల్లదని ప్రకటించినా, దేశ చట్టం ముందు ఆ ఒక్క ప్రకటనతో వివాహం రద్దు కాదు. 1996లో మోలీ జోసెఫ్ కేసులోను, మళ్ళీ 2017లో క్లారెన్స్ పయస్ కేసులోను సుప్రీంకోర్టు ఈ సంగతి చెప్పింది. దీనికి రెండో వైపు కూడా ఉంది. కోర్టు విడాకులు ఇచ్చినంత మాత్రాన కతోలిక దేవాలయంలో మళ్ళీ పెండ్లి జరగదు. అక్కడ సంఘపరమైన ప్రకటన కూడా కావాలి. ఇతర సంఘాలలో నియమాలు సంఘాన్ని బట్టి మారతాయి. కాబట్టి సంబంధాలు చూడడం మొదలుపెట్టకముందే మీ కాపరిని అడిగి ఉంచుకోండి. ప్రధానం అయ్యాక "మా గుడిలో కుదరదు" అని తెలిస్తే అవతలివారికి అది రెండో దెబ్బ అవుతుంది.

క్రైస్తవ వివాహ చట్టం కింద పెండ్లయినవారికి విడాకులు ఇచ్చేది 1869 నాటి విడాకుల చట్టం. దానిని 2001లో సవరించారు. దాని 57వ సెక్షను ప్రకారం డిక్రీ వచ్చిన మర్నాడే మళ్ళీ పెండ్లి చేసుకోవడానికి వీలులేదు. అప్పీలు గడువు దాటాలి, లేదా వేసిన అప్పీలు కొట్టివేయబడి తీర్పు ఖాయం కావాలి. అవతలి పక్షం హాజరు కాకుండానే వచ్చిన ఎక్స్‌పార్టీ డిక్రీ అయితే ఇంకా జాగ్రత్త అవసరం. దానిని పక్కన పెట్టమని ఆ పక్షం కోర్టును అడిగే వీలుంటుంది. మీ డిక్రీ ఏ రకమో, ఖాయమైందో లేదో మీ న్యాయవాదిని అడిగి తెలుసుకోండి. కేసు ఇంకా నడుస్తుంటే మీరు విడాకులు పొందినవారు కాదు. "అయిపోయినట్టేనండి, వచ్చే వాయిదాకు వచ్చేస్తుంది" అన్న మాట మీద ఎవరినీ చూపులకు పిలవవద్దు.

ఇక ఎప్పుడు చెప్పాలి? దీనికి ఒక రోజూ ఒక గడియా లేవు. మాట మూడు విడతలుగా బయటికి రావాలి. విడాకులు అయ్యాయన్న సంగతి బయోడేటాలోనే ఉండాలి. ఎందుకు, ఎలా అన్నది ఆ ఇద్దరూ మొదటిసారి మాట్లాడుకున్నప్పుడు రావాలి. కాగితాలు ప్రధానానికి ముందు చూపించాలి. ఈ మూడింటినీ కలిపివేయడం వల్లనే చిక్కంతా వస్తుంది. దాచేవారు మొదటి విడతను మూడో విడత తరువాతకు నెడతారు. అతిగా చెప్పేవారు మూడు విడతలనూ మొదటి ఫోనులోనే గుమ్మరిస్తారు.

బయోడేటాలో ఒక్క వరుస చాలు. "2016లో వివాహం. 2021లో కోర్టు ద్వారా విడాకులు. పిల్లలు లేరు." పిల్లలుంటే ఎంతమంది, వయసెంత, ఎవరి దగ్గర ఉన్నారో రాయాలి. "అనివార్య కారణాల వలన", "దురదృష్టవశాత్తు", "అమాయకురాలు" లాంటి మాటలు చేర్చవద్దు. అవి చదివినవారు ఆగి, దీని వెనుక ఏముందో అని ఆలోచిస్తారు. కొందరు "ప్రధానం అయి తప్పిపోయింది" అని రాస్తారు. అది మెత్తగా చెప్పడం కాదు, అబద్ధం. మాట్రిమోనీ సైట్లలో కూడా వివాహస్థితి అడిగే చోట ఉన్నది ఉన్నట్టు పెట్టాలి. 'అవివాహిత' అని పెట్టి, ఫోనులో సరిచేద్దాం అనుకుంటే మీ మొదటి పరిచయమే తప్పు సమాచారంతో మొదలవుతుంది.

ముందే చెబితే వచ్చే సంబంధాలు తగ్గుతాయి. అది నిజమే, తగ్గవని మేము చెప్పము. కానీ తగ్గేవి ఏవి? తెలిసిన రోజున ఎలాగూ వెళ్ళిపోయేవి. తెలియకుండా ఉండే అవకాశం కూడా మన సంఘాలలో తక్కువే. తెనాలిలో పెండ్లి జరిగితే హైదరాబాదులో దానికి వెళ్ళినవారు ఒకరైనా ఉంటారు. అవతలివారు మీ ఊరి కాపరికి, మీ పిన్ని తోటి ఉపాధ్యాయురాలికి ఫోన్ చేసి వాకబు చేస్తారు. మీరు ముందే చెప్పి ఉంటే ఆ వాకబు మీ మాటను బలపరుస్తుంది. చెప్పకపోతే అదే వాకబు మిమ్మల్ని అబద్ధికులను చేస్తుంది. వారి వాకబును తప్పించుకున్నా ప్రకటనలు ఉన్నాయి. మూడు ఆదివారాలు పెండ్లి ప్రకటన చదివే సంఘాల్లో, ఆటంకం తెలిసినవారు చెప్పాలనే కదా దానిని చదివేది! పెండ్లి రిజిస్టరులో కూడా పేరు, వయసు పక్కన వధూవరుల వివాహస్థితికి ఒక కాలమ్ ఉంది. అక్కడ అబద్ధం రాయించి కాపరి చేత సంతకం పెట్టించడం ఎవరికీ మేలు చేయదు. మోసంతో సమ్మతి పొందారన్న కారణం మీద వివాహం చెల్లదని ప్రకటించమని కోర్టుకు వెళ్ళే వీలు విడాకుల చట్టం 19వ సెక్షనులో ఉంది. దాచిన గతం అటువంటి వ్యాజ్యానికి దారి తీయవచ్చు.

ఒక సోదరి విషయం చెబుతాము. ఎవరూ గుర్తుపట్టకుండా ఊళ్ళు, కొన్ని వివరాలు మార్చాము. ఆమె స్టాఫ్ నర్సు, వయసు 32. 2016లో పెండ్లయింది, 14 నెలలు కాపురం చేసింది. భర్తకు తాగుడు ఉంది, చేయి చేసుకునేవాడు. 2017 చివర్లో పుట్టింటికి వచ్చేసింది. ఇద్దరి అంగీకారంతో కోర్టుకు వెళ్ళారు, 2021లో డిక్రీ వచ్చింది. పిల్లలు లేరు.

మొదటి సంబంధం వచ్చినప్పుడు ఆమె 45 నిమిషాలు మాట్లాడింది. అంతా నిజమే. ఆ అబ్బాయి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. తరువాత వాళ్ళ అక్క మధ్యవర్తితో అన్న మాట ఇది: "పాపం మంచి అమ్మాయే. కానీ ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నట్టుంది." ఈ మాట ఆమెకు నొప్పి కలిగించింది. అయినా అందులో పనికివచ్చే సంగతి ఉంది. విడాకుల కథ విన్నవారు జరిగినదాన్ని తూచి తీర్పు చెప్పాలని చూడరు. ఈ మనిషి దాని నుండి ఎంత బయటికి వచ్చిందో చూస్తారు. వివరాలు పెరిగేకొద్దీ, ముఖ్యంగా ఎదుటి పక్షం తప్పులు పెరిగేకొద్దీ, బయటికి రాలేదన్న అభిప్రాయమే బలపడుతుంది.

రెండో సంబంధం రాజమండ్రి వైపు నుండి వచ్చింది. అబ్బాయి లెక్చరరు, మొదటి పెండ్లి. ఈసారి తండ్రీ కూతురూ ముందుగా మాటలు అనుకున్నారు. బయోడేటా పంపిన రెండు రోజులకు తండ్రి అబ్బాయి తండ్రికి ఫోన్ చేశారు. "వందనాలండీ. బయోడేటాలో రాశాం, మీరు చూసే ఉంటారు. అయినా నోటితో కూడా చెబుదామని ఫోన్ చేశాను. మా అమ్మాయికి 2016లో పెండ్లయింది. 2021లో ఇద్దరి ఇష్టంతో కోర్టులో విడాకులయ్యాయి. పిల్లలు లేరు, కేసులు లేవు. అబ్బాయితో సహా మీ ఇంట్లో అందరికీ ఈ సంగతి తెలిశాకే చూపులకు రండి." ఈ చివరి వాక్యం చాలా అవసరం. పెద్దలకు తెలిసి, పెండ్లికొడుక్కు తెలియని సంబంధాలు మనలో తక్కువేమీ కాదు. తల్లిదండ్రులకు చెబితే సరిపోతుందనుకోవద్దు. చేసుకోబోయే మనిషికి తెలియాలి.

ఆ ఫోనులో ఆయన అనని మాటలు కూడా గమనించండి. "మా అమ్మాయి తప్పేమీ లేదండీ" అనలేదు. "మీకు అభ్యంతరం లేకపోతేనే" అని ప్రాధేయపడలేదు. "ఇచ్చిపుచ్చుకునే దగ్గర మీరు ఎలా అంటే అలా" అనలేదు. ఈ మూడో మాట గురించి కాస్త చెప్పాలి. ఆడపిల్ల తండ్రి క్షమాపణ స్వరంతో మొదలుపెడితే అవతలివారికి అది అప్పులా వినబడుతుంది. లోటును డబ్బుతో పూడుస్తామని చెప్పినట్టు అవుతుంది. కట్నం అడగడం, ఇవ్వడం 1961 నుండి నేరమే. అయినా 'రెండో సంబంధం' అన్న పేరుతో రేటు పెంచే ఇళ్ళు సంఘాల్లో ఉన్నాయని అందరికీ తెలుసు. ఆ బేరానికి తలుపు తీసేది తరచుగా మన క్షమాపణే. ఆ తరువాత కాపురంలో ఏ చిన్న మాట వచ్చినా "మేం చేసుకున్నాం కాబట్టి" అన్న దెప్పిపొడుపు ఆ తలుపులోంచే వస్తుంది.

చూపుల రోజు ఇద్దరినీ మాట్లాడుకోమని పెద్దలు వసారాలో కూర్చున్నారు. ఆమె అతను అడిగేదాకా ఆగలేదు. ఉద్యోగాలు, ఊళ్ళు అయ్యాక తానే మొదలుపెట్టింది. "నాకు 24 ఏళ్ళప్పుడు పెండ్లయింది. ఆయనకు తాగుడు ఉండేది, చేయి చేసుకోవడం దాకా వచ్చింది. పెద్దలు రెండుసార్లు కూర్చోబెట్టి మాట్లాడారు. రెండుసార్లూ తిరిగి వెళ్ళాను. మారలేదు, వచ్చేశాను. తరువాత ఇద్దరం ఒప్పుకునే కోర్టుకు వెళ్ళాం, 2021లో అయిపోయింది. ఇప్పుడు ఆయనతో మాటలూ లేవు, డబ్బు లావాదేవీలూ లేవు. మీరు అడగవలసింది ఏమైనా ఉంటే అడగండి."

ఇది చెప్పడానికి నిమిషం కూడా పట్టదు. కారణం ఉంది, కానీ ఒక్క వాక్యంలో ఉంది. తాను చేసిన ప్రయత్నం ఉంది. ఎలా ముగిసిందో, ఇప్పుడు ఏమి మిగిలి ఉందో ఉంది. భర్తను తిట్టే విశేషణం ఒక్కటీ లేదు. "తాగుడు ఉండేది" అనడానికీ "వాడో తాగుబోతు వెధవ" అనడానికీ ఉన్న తేడా వినేవారికి వెంటనే తెలుస్తుంది. చివర ప్రశ్నను అతని చేతికి ఇచ్చింది. చెప్పవలసింది చెప్పి ఆగడం చాలామందికి కష్టం. ఎదుటివారు మౌనంగా ఉంటే ఆ మౌనాన్ని నింపడానికి ఇంకా చెబుతూ పోతాము. అతిగా చెప్పడం ఎక్కువగా అక్కడే మొదలవుతుంది. ఆ మౌనం ఆలోచించడానికి అతనికి కావాలి.

అతను మూడు అడిగాడు. "2017లో వచ్చేస్తే 2021 దాకా ఎందుకు పట్టింది?" ఇది అనుమానంగా వినబడినా న్యాయమైన ప్రశ్నే. జవాబు చట్టంలో ఉంది. క్రైస్తవ వివాహానికి పరస్పర అంగీకార విడాకులు 10ఎ సెక్షను కింద వస్తాయి. అందులో రాసినదాని ప్రకారం రెండేళ్ళు వేరుగా ఉండి ఉండాలి. అర్జీ వేశాక కనీసం ఆరు నెలలు ఆగాలి. ఆమె అదే చెప్పింది. రెండోది, "ఇంకొంచెం సర్దుకుపోవచ్చు కదా అని ఎప్పుడూ అనిపించలేదా?" దానికి ఆమె, "అనిపించింది. అందుకే రెండుసార్లు వెళ్ళాను. మూడోసారి వెళ్ళనందుకు బాధపడను" అంది. ఇక్కడ చాలామంది కోపం తెచ్చుకుంటారు, లేదా ఏడుస్తారు. ఆమె ఉన్న మాట చెప్పి ఆగింది. మూడోది, "మీ వైపు నుండి పొరపాటు ఏమీ లేదా?" ఈ ప్రశ్నకు "ఏమీ లేదు" అన్న జవాబును ఎవరూ నమ్మరు. అంతా తన తప్పేనన్నదీ నిజం కాదు. "పెండ్లికి ముందే తాగుతాడని తెలిసింది. మారతాడులే అనుకుని ఇంట్లో చెప్పలేదు. ఇప్పుడైతే చెబుతాను." కొట్టించుకున్నందుకు ఆమె బాధ్యత తీసుకోలేదు, తీసుకోకూడదు. తనది అయిన దానిని మాత్రం తనదంది.

తరువాత పెద్దల మధ్య అబ్బాయి మేనత్త ఒకావిడ అడిగారు: "ఆ 14 నెలల్లో కడుపేమీ నిలవలేదామ్మా?" ఇటువంటివి అడుగుతారు, సిద్ధంగా ఉండవలసిందే. ఆమె, "పిల్లలు లేరు ఆంటీ. ఆరోగ్యం సంగతి ఏదైనా తెలుసుకోవలసింది ఉంటే ఆయనా నేనూ మాట్లాడుకుంటాం" అని ఊరుకుంది. జవాబు చెప్పకపోవడం దాచడం కాదు. సంతానానికి సంబంధించిన వైద్య విషయం నిజంగా ఏదైనా ఉంటే అది చేసుకోబోయే మనిషికి ప్రధానానికి ముందే తెలియాలి. వసారాలో ఉన్న తొమ్మిదిమందికీ తెలియనవసరం లేదు.

మూడు రోజులకు రాజమండ్రివారు మధ్యవర్తి ద్వారా వద్దన్నారు. తండ్రిగారికి కోపం వచ్చింది. "చూశారా, చెప్పాం కాబట్టే పోయింది" అన్నారు. ఆయన బాధ మాకు అర్థమయింది. కానీ లెక్క వేరుగా చూడాలి. పోయింది ఒక మధ్యాహ్నం, ఒక పలహారం ఖర్చు. ఇదే మాట ప్రధానం ఉంగరం తొడిగాక బయటపడి ఉంటే, ఆమె పేరు పక్కన విడాకులతో పాటు తప్పిపోయిన ప్రధానం కూడా చేరేది. ఆ తరువాతి సంబంధానికి చెప్పవలసిన కథ ఇంకా పెద్దదయ్యేది.

ఎనిమిది నెలల తరువాత కాకినాడ నుండి సంబంధం వచ్చింది. అదే వరుస, అదే ఫోను, అవే మాటలు. వారు వారం రోజులు ఆలోచించి, "డిక్రీ ఒకసారి చూపిస్తారా?" అని అడిగారు. అడిగినందుకు నొచ్చుకోవలసిన పని లేదు. మోషే ధర్మశాస్త్రంలో కూడా ఆమె చేతికి పరిత్యాగ పత్రిక రాసి ఇవ్వాలనే ఉంది కదా. అయితే ఏ కాగితం చూపించాలో తెలిసి ఉండాలి. కోర్టు కాగితాలు మూడు రకాలు. అర్జీలో ఆరోపణలన్నీ ఉంటాయి. తీర్పులో వాటి మీద విచారణ ఉంటుంది. డిక్రీలో కేసు నంబరు, ఇరుపక్షాల పేర్లు, చిరునామాలు, ఏం కోరారు, కోర్టు ఏం ఇచ్చింది అన్న ముక్తసరి వివరాలే ఉంటాయి. చూపించవలసింది డిక్రీ సర్టిఫైడ్ నకలు. అర్జీ కట్టను ఇవ్వవద్దు. అందులో రాసినవి లాయరు భాషలో ఉంటాయి. పదేళ్ళ తరువాత ఏదో ఒక గొడవలో ఆ వాక్యాలే మీ మీదికి తిరిగి వస్తాయి. డిక్రీని కూడా ఫోనులో ఫోటో పంపకుండా చేతికిచ్చి చూపించి తీసుకోవడం మేలు. అందులో ఇంకో మనిషి పేరు, చిరునామా ఉన్నాయి. ఆయన గోప్యతను మనం కాపాడాలి.

ఈ ఉదాహరణలో అమ్మాయిది కష్టం పడిన పక్షం కనుక చెప్పడం కొంత తేలిక. అన్నీ ఇలా ఉండవు. తన ప్రవర్తన వల్లే కాపురం పోయినవారూ మళ్ళీ పెండ్లికి వస్తారు. హింస చేశారని కోర్టు నిర్ధారించినా, వ్యభిచారం కారణంగా విడాకులు వచ్చినా, "అభిప్రాయభేదాలు" అని చెప్పడం మోసమే. అక్కడ కారణాన్ని అదే పేరుతో ఒక వాక్యంలో చెప్పాలి, ఆ తరువాత ఏం మారిందో, దానిని ఎవరిని అడిగి నిర్ధారించుకోవచ్చో చెప్పాలి. వేడుకోలు అక్కడా అక్కరలేదు. ఎదుటివారి ముందు ఏడ్చి జాలి తెచ్చుకుంటే వారు స్వేచ్ఛగా కాదనే అవకాశాన్ని మనం తీసేసినట్టవుతుంది.

మగవారి విషయంలో మాకు వేరే ఫిర్యాదు ఉంది. వారు సాధారణంగా అతిగా చెప్పరు, తక్కువ చెబుతారు. "చిన్న గొడవండీ, అమ్మాయి సరిగా ఉండలేదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. దానికింద మనోవర్తి ఉంటుంది, వారానికోసారి చూసి రావలసిన బిడ్డ ఉంటుంది, ఒక్కోసారి ఇంకా తేలని వరకట్న వేధింపు కేసు ఉంటుంది. ఇవి గతం కాదు. రేపు కాపురానికి వచ్చే స్త్రీ నెల బడ్జెటులో, ఆదివారం మధ్యాహ్నాల్లో ఉండబోయేవి. నెలకు ఎంత కట్టాలి, ఎప్పటిదాకా, బాకీ ఎంత ఉంది, బిడ్డ సెలవులకు ఎవరి దగ్గర ఉంటుంది, ఏ కోర్టులో ఏ కేసు ఏ దశలో ఉంది అన్నవి అంకెలతో సహా మొదటి మాటల్లోనే చెప్పాలి. మొదటి భార్య స్వభావం గురించి మాత్రం ఏమీ చెప్పనవసరం లేదు.

విన్నవారికీ ఒక బాధ్యత ఉంది. సంబంధం వద్దనుకుంటే "మాకు కుదరదండీ" అని చెప్పి అక్కడితో ఆగాలి. బయోడేటా, డిక్రీ వివరాలు, చూపుల రోజు విన్న మాటలు వాట్సాప్ గుంపుల్లోకి, స్త్రీల కూటంలో ప్రార్థన మనవుల్లోకి పోకూడదు. "ఫలానా అమ్మాయి కోసం ప్రార్థించండి, పాపం మొదటి భర్త కొట్టేవాడట" అన్నది ప్రార్థన మనవి రూపంలో తిరిగే కబురే. కాపరులను కూడా అవతలివారు అడుగుతారు. అప్పుడు ఆ కుటుంబంతో ముందే మాట్లాడుకున్న మేరకే చెప్పాలి: పెండ్లయిన సంవత్సరం, విడాకులైన సంవత్సరం, సంఘంలో వారి నడవడి. కౌన్సెలింగులో విన్నది ఒక్క ముక్క కూడా బయటికి రాకూడదు. "ఎందుకు విడిపోయారండీ?" అని అడిగితే, "ఆమెనే అడగండి, చెబుతుంది" అంటే చాలు.

కాకినాడవారి పెండ్లి ఆ సంవత్సరం నవంబరులో జరిగింది. మూడు ఆదివారాలు రెండు సంఘాల్లోనూ ప్రకటన చదివారు. పెండ్లికి ముందు ఆమె ఇంకొక పని చేసింది. పెండ్లికొడుకు నానమ్మకు ఎవరూ సరిగా చెప్పలేదని తెలిసి, అతన్ని తోడు తీసుకుని వెళ్ళి అదే నాలుగు వాక్యాలు ఆవిడకూ చెప్పింది. ఆవిడ, "మీ అత్తగారు చెప్పిందిలేవే, నువ్వు చెబుతావో లేదో అని చూస్తున్నా" అని కాఫీ పెట్టమంది.